4కే టీవీలో 120 హెర్ట్జ్ పెట్టగానే ఎర్ర అక్షరాలు ముద్దగా అవుతున్నాయి. తప్పు కేబుల్‌దా, కార్డుదా?

సబ్‌టైటిల్_సుబ్బు

55 అంగుళాల 4కే టీవీని మానిటర్‌గా వాడుతున్నాను. పీసీలో ఉన్నది ఆర్‌టీఎక్స్ 2060. టీవీ 120 హెర్ట్జ్‌ది, వెనక ఆ పోర్ట్ పక్కన 4K 120Hz అని రాసి కూడా ఉంది. విండోస్‌లో 60 పెడితే ఏ ఇబ్బందీ లేదు. 120 పెడితే మౌస్ కదలిక, స్క్రోలింగ్ వెన్నలా ఉన్నాయి గానీ అక్షరాలు పాడవుతున్నాయి.

నా పని తెలుగు సబ్‌టైటిళ్లు టైప్ చేయడం. ఎడిటర్‌లో నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తప్పులు ఎర్ర రంగులో చూపిస్తుంది. 120లో "లక్ష్మి" అని ఎర్రగా వస్తే కింద ఒత్తు ఏదో తెలియడం లేదు, మొత్తం ముద్ద. అదే తెల్ల అక్షరాలైతే పర్వాలేదు. Advanced display పేజీలో చూస్తే 60లో Color format దగ్గర RGB అని ఉంది, 120 పెట్టగానే YCbCr420 అని మారిపోతోంది. నేనేమీ మార్చలేదు, దానంతట అదే మారింది. షాపతను కేబుల్ మార్చమంటున్నాడు. కేబుల్ ధర విని అడుగుతున్నాను, నిజంగా అదేనా?

వైర్‌మన్_వెంకి

కేబులే. నూటికి తొంభై కేసుల్లో కేబులే. 48 గిగాబిట్ల కేబుల్, ప్యాకెట్ మీద అల్ట్రా హై స్పీడ్ అని క్యూఆర్ స్టిక్కర్ ఉన్నది తీసుకో. మా బావమరిదికి సరిగ్గా ఇదే సమస్య, కేబుల్ మార్చాక పోయింది.

కాకినాడ_కాజా

మా ఇంట్లోనూ అంతే. రాత్రి తొమ్మిది దాటితే బొమ్మ మసకే. రూటర్ టీవీ పక్కకి జరిపితే కాస్త నయం.

సబ్‌టైటిల్_సుబ్బు

కాజా గారూ, నెట్ కాదండీ. నోట్‌ప్యాడ్‌లోనే ఇలా ఉంది.

గచ్చిబౌలి_గేమర్

420 అంటేనే మోసం కదా, పేరులోనే ఉంది 😄

సీరియస్‌గా చెప్పాలంటే NVIDIA Control Panel లో Change resolution కి వెళ్లి 4:2:2 పెట్టు. 4:2:0 కన్నా రంగు రెట్టింపు ఉంటుంది, పని కానిస్తుంది.

సబ్‌టైటిల్_సుబ్బు

చూశాను. Use NVIDIA color settings నొక్కి Output color format తెరిస్తే 120లో YCbCr420 ఒక్కటే ఉంది. వేరే ఆప్షనే లేదు. 60కి వస్తే నాలుగూ కనిపిస్తున్నాయి.

పిక్సెల్_పంతులు

ఆ జాబితాలో ఒక్కటే మిగలడంలోనే జవాబు ఉంది. మీ టీవీ పోర్ట్ హెచ్‌డీఎంఐ 2.1 అయి ఉండొచ్చు, కానీ 2060 కార్డు మీద ఉన్నది హెచ్‌డీఎంఐ 2.0. రెండిట్లో చిన్నదే లెక్క. 2.0లో తీగ మీద వెళ్లేది సెకనుకు 18 గిగాబిట్లు. అందులో ప్రతి 8 బిట్లకూ 10 బిట్లు పంపే పద్ధతి ఉంది కాబట్టి అసలు సమాచారానికి మిగిలేది 14.4.

ఇప్పుడు 4కే చిత్రం ఎంత అడుగుతుందో చూడండి. కనిపించేది 3840 × 2160 అయినా, లైన్ల మధ్య, ఫ్రేముల మధ్య వదిలే ఖాళీతో కలిపి టీవీలు వాడే ప్రామాణిక కొలత 4400 × 2250. ఆ ఖాళీకి కూడా తీగ మీద సమయం పడుతుంది. ఒక్కో రంగుకు 8 బిట్లు, మూడు రంగులకు కలిపి పిక్సెల్‌కు 24.

```
4K60   RGB   8-bit : 4400 x 2250 x 60  x 24 = 14.256 Gbps
4K120  RGB   8-bit : 4400 x 2250 x 120 x 24 = 28.512 Gbps
4K120  4:2:0 8-bit : 4400 x 2250 x 120 x 12 = 14.256 Gbps
```

మొదటి లైను, మూడో లైను ఒకటే అంకె. అంటే 60లో పూర్తి రంగు ఎంత బరువో 120లో సగం సమాచారం అంతే బరువు. రెండూ 14.4 లోపల వెంట్రుకవాసిలో పడుతున్నాయి. ఫ్రేములు రెట్టింపు కావాలన్నారు కాబట్టి డ్రైవర్ ఒక్కో పిక్సెల్‌కు ఇచ్చే బిట్లు సగం చేసింది. మీకు చెప్పకుండా చేసింది, అంతే.

ఆ సగం ఎక్కడ కోస్తుందన్నదే మీ ఎర్ర అక్షరాల సంగతి. 4:2:0లో వెలుగు సమాచారం ప్రతి పిక్సెల్‌కూ విడిగా వెళ్తుంది. రంగు సమాచారం మాత్రం పక్కపక్కన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్కటే. తెల్ల అక్షరానికీ నల్ల నేలకూ తేడా అంతా వెలుగులోనే ఉంది కాబట్టి అది బతికిపోతుంది. ఎరుపులో వెలుగు తెలుపులో ఐదో వంతే. నల్ల నేల మీద దాన్ని వేరు చేసి చూపేది ఎక్కువగా రంగు సమాచారమే, అది నాలుగు పిక్సెళ్లకు సగటు అయిపోతోంది. నీలం ఇంకా ఘోరం. ఒత్తులో గీత మందం ఒకటి రెండు పిక్సెళ్లే కాబట్టి ముందు పోయేది ఒత్తే.

గచ్చిబౌలి_గేమర్

సరే, మరి 4:2:2 ఎందుకు రాదు? పూర్తి రంగు ఉండే 4:4:4కీ 4:2:0కీ మధ్యలో ఉంటుంది కదా. 21 గిగాబిట్లో ఎంతో అవుతుంది... ఓహ్, అదీ 14.4 దాటిపోతుందా.

పిక్సెల్_పంతులు

దాటుతుంది. అసలు 21 కూడా కాదు, 28.5. హెచ్‌డీఎంఐలో 4:2:2కు ఒక వింత ఉంది. అందులో 8 బిట్లు పంపినా 10 పంపినా 12 పంపినా ప్రతి పిక్సెల్‌కూ 24 బిట్ల చోటు కేటాయిస్తారు. రెండు టికెట్లు కొనుక్కుని బస్సులో ఒక సీట్లోనే కూర్చున్నట్టు, రెండోది ఖాళీగా పోతుంది. కాబట్టి 8 బిట్ల 4:2:2 వల్ల ఆర్‌జీబీ 8 బిట్ల కన్నా ఒక్క బిట్ కూడా ఆదా కాదు. అది పనికొచ్చేది 60లో, అది కూడా 10 లేదా 12 బిట్లు కావాల్సినప్పుడు. సుబ్బు గారి కార్డు మీద 4కే 120కి 4:2:0 తప్ప ఇంకో దారి లేదు. 8 బిట్ల 4:2:0 మాత్రమే. 10 బిట్లకు పోతే 17.8 అవుతుంది, పట్టదు.

వైర్‌మన్_వెంకి

లెక్కలు బాగున్నాయి పంతులు గారూ, కానీ బావమరిది టీవీ నేనే దగ్గరుండి చూశాను. కేబుల్ మార్చగానే RGB వచ్చింది. కళ్లతో చూసింది కాదనమంటారా?

పిక్సెల్_పంతులు

ఆయన కార్డు ఏది?

వైర్‌మన్_వెంకి

3070.

పిక్సెల్_పంతులు

అందుకే. 3070లో హెచ్‌డీఎంఐ 2.1 ఉంది. అక్కడ కార్డు, టీవీ ముందుగా మాట్లాడుకుని తీగ ఎంత వేగం మోయగలదో పరీక్షించుకుంటాయి. పై వేగంలో తప్పులొస్తే ఒక మెట్టు దిగుతాయి. బాగా దిగితే రంగు కోత పడుతుంది. కాబట్టి నాసిరకం కేబుల్ వల్ల 4:2:0 కనిపించడం అక్కడ సాధ్యమే.

2.0లో ఆ పరీక్షే లేదు. టీవీ తాను ఏమేం తీసుకోగలదో జాబితా ఇస్తుంది, కార్డు అందులోంచి ఒకటి తీసుకుని గుడ్డిగా పంపిస్తుంది. మధ్యలో కేబుల్ ఎలాంటిదో దానికి తెలియదు. కేబుల్ తట్టుకోకపోతే తెర మీద మెరుపుల్లా చుక్కలు వస్తాయి, లేదా తెర రెండు మూడు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తుంది. రంగు మాత్రం చడీచప్పుడు లేకుండా తగ్గదు. సుబ్బు గారికి చుక్కల్లేవు, నలుపు లేదు, 60లోనూ 120లోనూ ఒకే 14.256 ఆ కేబుల్ మీదే శుభ్రంగా వెళ్తోంది. ఆ కేబుల్‌కు ఏ రోగమూ లేదు.

వైర్‌మన్_వెంకి

మంచి కేబుల్ కొంటే నష్టమేముంది అనేది నా మాట. రేపు కార్డు మారిస్తే అక్కరకొస్తుంది.

బెజవాడ_బుల్లోడు

కేబుల్ కొట్టు పెట్టావా వెంకీ అన్నా, డిస్కౌంట్ చెప్పు.

ఛాయ_చిత్రం

ఫొటో ఎడిటింగ్ చేస్తాను కాబట్టి ఒక మాట. స్క్రీన్‌షాట్ తీసి చూసి "బాగానే ఉందిగా" అనుకోకండి. స్క్రీన్‌షాట్ కార్డు లోపల తీసేది, రంగు కోత జరిగేది ఆ తర్వాత బయటికి పంపేటప్పుడు. అందులో ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. తెరను ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీయాలి.

పెయింట్ తెరిచి నల్ల నేల మీద ఒక పిక్సెల్ మందం ఎర్ర గీతలు, మధ్యలో ఒక్కో పిక్సెల్ ఖాళీ వదిలి నిలువుగా గీయండి. 100 శాతం జూమ్‌లో చూడండి. 4:4:4 అయితే విడివిడి గీతలు. 4:2:0 అయితే గీతల మధ్య ఖాళీల్లోకి ఎరుపు పాకి, మురికి ఎరుపు పలకలా కనిపిస్తుంది. అడ్డంగా కూడా గీసి చూడండి. నిలువు గీతలు పాడై అడ్డ గీతలు బాగుంటే అది 4:2:2, ఎందుకంటే అది పక్కపక్క పిక్సెళ్లనే కలుపుతుంది, పైకిందలను కలపదు.

సబ్‌టైటిల్_సుబ్బు

ఛాయ గారూ, చేశాను. 120లో నిలువూ అడ్డమూ రెండూ పోయాయి, అంటే 4:2:0 ఖాయం. కానీ వింత ఏమిటంటే, 60లో RGB అని చూపిస్తున్నప్పుడు కూడా నిలువు గీతలు కొంచెం అలుక్కున్నాయి. అడ్డ గీతలు శుభ్రం. ఇదేమిటి మళ్లీ?

ఛాయ_చిత్రం

అది టీవీ పని. కార్డు పూర్తి రంగు పంపినా, టీవీ తన మెరుగుల కోసం లోపల 4:2:2కు మార్చుకుంటుంది. ఆ ఇన్‌పుట్‌ను పీసీ అని టీవీకి చెప్పాలి. ఎల్‌జీ టీవీల్లో ఇన్‌పుట్ బొమ్మను PC గా మార్చడమే, సామ్‌సంగ్‌లోనూ ఇన్‌పుట్ రకాన్ని PC అని ఎంచుకోవాలి. మామూలుగా గేమ్ మోడ్ ఒక్కటే సరిపోదు.

సబ్‌టైటిల్_సుబ్బు

మార్చాను. 60లో ఇప్పుడు గీతలు సూదితో గీసినట్టున్నాయి. ఇన్నాళ్లూ 60 బాగుందనే అనుకుంటున్నాను నేను!

డల్లాస్_బావ

ఇంకో చోట కూడా చూడండి. టీవీ ఆ పోర్ట్‌ను పూర్తి వేగంలో తెరిచి ఉంచకపోవచ్చు. ఎల్‌జీలో HDMI Deep Colour, సామ్‌సంగ్‌లో Input Signal Plus, సోనీలో HDMI signal format అని ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే 4కే 60కే 4:2:0 పడుతుంది.

నా సంగతి వేరు. కొత్త కార్డు, కొత్త టీవీ, సర్టిఫైడ్ కేబుల్, అయినా 4:2:0. మధ్యలో సౌండ్ రిసీవర్ ఉంది, అది 2.0ది. కార్డుకు రిసీవరే కనిపిస్తుంది, టీవీ కనిపించదు. ఇప్పుడు కార్డును నేరుగా టీవీకి పెట్టి, శబ్దం ఈఆర్క్ పోర్ట్ నుంచి రిసీవర్‌కు వెనక్కి పంపిస్తున్నాను. 120, పూర్తి రంగు, రెండూ వచ్చాయి. సౌండ్‌బార్ గుండా పీసీ కలిపేవాళ్లూ ఇది చూసుకోవాలి.

గచ్చిబౌలి_గేమర్

పీఎస్5లో కూడా 4కే 120 హెచ్‌డీఆర్‌లో 4:2:2 చూపిస్తుంది. అదీ 2.0 కథేనా?

డల్లాస్_బావ

కాదు. పీఎస్5 2.1దే, కానీ 32 గిగాబిట్ల దాకానే పంపుతుంది. 4కే 120, 10 బిట్లు, పూర్తి రంగు కావాలంటే దాదాపు 40 కావాలి. అందుకే 4:2:2కు దిగుతుంది. పది అడుగుల దూరం నుంచి ఆట ఆడేవాడికి తేడా పట్టుకోవడం కష్టం, నేనైతే పట్టుకోలేకపోయాను.

లైనక్స్_లక్ష్మి

నా కష్టం ఇంకో రకం. ఏఎండీ ఆర్‌ఎక్స్ 6700 ఎక్స్‌టీ. కార్డులో 2.1 ఉంది, టీవీలో 2.1 ఉంది, విండోస్‌లో పెడితే పూర్తి రంగుతో 120 వస్తుంది. లైనక్స్‌లో 4:2:0 మాత్రమే. ఏఎండీ వాళ్లు ఓపెన్‌సోర్స్ డ్రైవర్‌లో 2.1 పెట్టడానికి సిద్ధపడ్డారు, హెచ్‌డీఎంఐ ఫోరం ఒప్పుకోలేదని 2024 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. ప్రమాణం పత్రాలు గోప్యం, కోడ్ బయటపెడితే పత్రాలు బయటపెట్టినట్టేనట. ఉన్న తీగలోనే ఉన్న వేగాన్ని కాగితం ఆపింది.

కాకినాడ_కాజా

అంటే మా రూటర్ తప్పేం లేదన్నమాట.

బెజవాడ_బుల్లోడు

కాజా గారూ 🙏

సుబ్బు, నీ కార్డు మీద డిస్‌ప్లేపోర్ట్ ఉంది కదా, దాన్ని వదిలేసి హెచ్‌డీఎంఐ పట్టుకుని ఏడవడం ఎందుకు? 2060లో డీపీ 1.4. డీపీ నుంచి హెచ్‌డీఎంఐ 2.1కి మార్చే యాక్టివ్ అడాప్టర్ దొరుకుతుంది. నాది 2070, టీవీకి అలాగే కలిపాను. 4కే 120, RGB, 10 బిట్. ప్యాకెట్ మీద 4K 120Hz అని స్పష్టంగా ఉన్నదే తీసుకో. మూడొందలకు దొరికేవి 4కే 60తో సరి, వాటితో మళ్లీ ఇక్కడికే వస్తావు. దిశ కూడా చూసుకో, హెచ్‌డీఎంఐ కార్డు నుంచి డీపీ మానిటర్‌కు వెళ్లేది వేరే వస్తువు, తిప్పి పెడితే పనిచేయదు.

తిప్పలు కూడా చెబుతాను. పీసీ స్లీప్ నుంచి లేచినప్పుడు ఒక్కోసారి తెర నల్లగానే ఉండిపోతుంది, అడాప్టర్ పీకి పెట్టాలి. ఆట ఫ్రేముల వేగాన్ని బట్టి తెర వేగం మార్చే వీఆర్‌ఆర్ నాకు రాలేదు.

గచ్చిబౌలి_గేమర్

డీపీ 1.4 అంటే అసలు సమాచారానికి 25.9 గిగాబిట్లే కదా. పంతులు గారి లెక్కలో ఆర్‌జీబీ 120కి 28.5 కావాలి. మరి 10 బిట్లు ఎలా పట్టాయి? కంప్రెషన్ కదా? మరి అది కూడా నష్టమే. ఒక కోత తీసేసి ఇంకో కోత తెచ్చుకున్నట్టు.

పిక్సెల్_పంతులు

అవును, కార్డు నుంచి అడాప్టర్ దాకా డీఎస్‌సీ అనే కంప్రెషన్‌లో వెళ్తుంది. అది కూడా కొంత వదిలేసేదే, కానీ కోసే తీరు వేరు. 4:2:0 ఏ బొమ్మైనా సరే కళ్లు మూసుకుని నాలుగు పిక్సెళ్ల రంగును ఒకటి చేస్తుంది. డీఎస్‌సీ పక్క పిక్సెళ్లను చూసి తర్వాతిది ఊహించి, ఊహకూ నిజానికీ ఉన్న తేడానే పంపిస్తుంది. అంచు వచ్చిన చోట ఎక్కువ బిట్లు ఖర్చు పెడుతుంది, ఖాళీ ఆకాశంలో పొదుపు చేస్తుంది. ఛాయ గారి ఎర్ర గీతల పరీక్ష డీఎస్‌సీ మీద పెడితే గీతలు విడివిడిగానే కనిపిస్తాయి. ప్రత్యేకంగా దాన్ని దెబ్బతీయడానికి తయారుచేసిన బొమ్మల్లో తప్ప కంటికి ఆనదు.

గచ్చిబౌలి_గేమర్

నాకైతే వీఆర్‌ఆర్ పోతే అడాప్టర్ వద్దు. ఆట మధ్యలో ఫ్రేములు 80, 95 అలా ఊగుతుంటే చిరుగులు కనబడతాయి. 4:2:0 పెట్టుకుని హాయిగా ఆడుకుంటాను.

ఛాయ_చిత్రం

ఆటలో కూడా మూల మ్యాప్ మీద ఎర్ర చుక్కలు, సన్న రంగు అక్షరాలు ఉంటాయి. దగ్గర కూర్చుంటే తెలుస్తుంది.

పిక్సెల్_పంతులు

ఆటకు మూడో దారి ఉంది: 1440పీ 120. దానికి ఆర్‌జీబీ 8 బిట్లలో దాదాపు 12 గిగాబిట్లే, మీ 2.0లోనే కోత లేకుండా వెళ్తుంది. పైగా 2060 మీద 4కేలో 120 ఫ్రేములు ఎన్ని ఆటలకు వస్తాయి? కార్డు ఎలాగూ ఇవ్వలేని ఫ్రేముల కోసం రంగు వదులుకోవడం నాకు నచ్చదు.

గచ్చిబౌలి_గేమర్

1440పీని టీవీ సాగదీసి 4కే చేస్తుంది, అప్పుడు అన్ని అక్షరాలూ మెత్తబడతాయి, ఎర్రవే కాదు. 4:2:0లో వెలుగు అంచు ప్రతి పిక్సెల్‌కూ ఉంటుందని మీరే అన్నారు. తక్కువ పిక్సెళ్లలో గీసి కార్డే పెంచే డీఎల్‌ఎస్‌ఎస్ వేసి 4కే 120 4:2:0 అయితే 1440పీ కన్నా నయం అని నా వాదన.

పిక్సెల్_పంతులు

దూరం నుంచి ఆడేటప్పుడు మీ వాదన కొట్టిపారేయలేను. టీవీ సాగదీయడం ఎంత బాగా చేస్తుందన్న దాని మీద ఉంటుంది. డెస్క్ మీద రెండడుగుల దూరంలో అయితే నేను ఒప్పుకోను.

డల్లాస్_బావ

నాది గేమర్ పార్టీ. సోఫా ఓటు.

సబ్‌టైటిల్_సుబ్బు

ఆటలు నాకు రాత్రి పూటే. పగలు పని. అడాప్టర్ సంగతి తర్వాత చూస్తాను గానీ, ఇప్పటికి పనికి 4కే 60 RGB, ఆటకు 1440పీ 120 అనుకుంటున్నాను. మరి హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే 60లో 8-bit with dithering అని చూపిస్తోంది. 10 బిట్లు కావాలంటే 422 పెట్టమంటోంది. ఏది మంచిది?

ఛాయ_చిత్రం

చూసేది బట్టి. టైపింగ్ ఉంటే RGB 8 బిట్లే ఉంచండి. డిథరింగ్ అంటే మధ్య రంగు లేని చోట పక్క పిక్సెళ్లను రెండు రంగుల మధ్య సన్నగా చల్లి కళ్లకు మధ్య రంగులా చూపించడం. సాయంత్రపు ఆకాశంలా నెమ్మదిగా మారే రంగుల్లో పట్టీలు రాకుండా అది చాలావరకు కాపాడుతుంది. అక్షరాల అంచులు మాత్రం ఏ డిథరింగూ తిరిగి తేలేదు.

సినిమాకు 422 10 బిట్లు పెట్టినా ఏమీ పోదు. ఓటీటీ, బ్లూరే సినిమాలన్నీ మొదటి నుంచీ 4:2:0లోనే వస్తాయి, లేని రంగును కోసేదేముంది. ఇంకా మంచిది, సినిమా చూసేటప్పుడు 24 హెర్ట్జ్ పెట్టండి. ఫ్రేములు తక్కువ కాబట్టి అప్పుడు 2.0లోనే 12 బిట్ల పూర్తి రంగు పడుతుంది.

లైనక్స్_లక్ష్మి

4:2:0లోనే బతకాల్సిన నాలాంటి వాళ్లకు చిన్న చిట్కా. నల్ల అక్షరాలకు కూడా అంచున లేత రంగు మచ్చ కనిపిస్తుంటే అది ఫాంట్ నునుపు చేసే పద్ధతి వల్ల. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలను విడిగా వాడి అంచు నునుపు చేస్తుంది కాబట్టి నల్ల అక్షరంలో కూడా రంగు దాగి ఉంటుంది, 4:2:0 దాన్ని అలికేస్తుంది. గ్రేస్కేల్‌కు మార్చేశాను, తెలుగు తలకట్లు బాగా తేలాయి. విండోస్‌లో అయితే Adjust ClearType text అని వెతికి టిక్ తీసేయడమే. ఎర్ర అక్షరాలకు మాత్రం ఇది మందు కాదు.

సబ్‌టైటిల్_సుబ్బు

ఎడిటర్‌లో తప్పుల రంగే ఎరుపు నుంచి లేత పసుపుకు మార్చి చూశాను. 120లో కూడా ఒత్తులు చదవగలుగుతున్నాను! పసుపులో వెలుగు ఎక్కువ కాబట్టా?

పిక్సెల్_పంతులు

అందుకే. పైసా ఖర్చు లేని మార్గం, నాకు తట్టలేదు.

వైర్‌మన్_వెంకి

ఇక కేబుల్ అమ్మకాలు పడిపోయినట్టే.

నెల్లూరు_నెరజాణ

ఇదే దారంలో అడుగుతున్నా, కొత్తది తెరవడం ఎందుకని. నాది టీవీ కాదు, 27 అంగుళాల 1440పీ 144 మానిటర్. మానిటర్‌లో హెచ్‌డీఎంఐ 2.0. 144లో 8 బిట్లే వస్తోంది. 100కి తగ్గిస్తే 10 బిట్లు ఆప్షన్ వస్తోంది, 120లో మళ్లీ మాయం. ప్యానెల్ పాడైందా?

పిక్సెల్_పంతులు

ప్యానెల్ బాగుంది. 1440పీ 144 ఆర్‌జీబీ 8 బిట్లలోనే దాదాపు 14.4 అంచుకు చేరుతుంది, 10 బిట్లకు చోటే లేదు. 120లో 10 బిట్లకు 14.9 కావాలి, కొద్దిలో తప్పింది. 100లో 12 చిల్లర, పట్టింది. మానిటర్‌కు డీపీ పోర్ట్ లేదా?

నెల్లూరు_నెరజాణ

ఉంది. కేబుల్ కూడా మానిటర్ బాక్సులోనే ఇచ్చారు. ఇంకా కవర్లోంచి తీయలేదు.

బెజవాడ_బుల్లోడు

తీయండి మేడమ్.